సీఆర్ నిద్రమాత్రను పొడి చేస్తే, విరిస్తే, నమిలితే ఏమవుతుంది? – తరచుగా అడిగే ప్రశ్నలు

మందుల షాపు కౌంటర్ వెనక నిలబడేవాళ్లకు కొన్ని ప్రశ్నలు రోజూ వినపడుతూనే ఉంటాయి. "ఈ మాత్ర పెద్దగా ఉంది, సగం చేసి ఇవ్వొచ్చా?" అన్నది వాటిలో ఒకటి. చాలా మాత్రలకు సమాధానం అవుననే వస్తుంది. సీఆర్ అని రాసి ఉండే, నిదానంగా మందు వదిలే నిద్రమాత్రలకు మాత్రం కాదు. ఎందుకు కాదో ఒక్క ముక్కలో చెబితే ఎవరూ నమ్మరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఇక్కడ ఎక్కువగా చెప్పేది జోల్పిడెమ్ అనే మందు గురించి. మన దగ్గర నిద్రకు రాసే సీఆర్ మాత్రల్లో తరచూ కనపడేది అదే, ఇబ్బందులు తెలుసుకోవడానికి మంచి ఉదాహరణ కూడా అదే.

నాకు ఇచ్చింది సీఆర్ మాత్రో, మామూలు మాత్రో ఎలా తెలుస్తుంది?

స్ట్రిప్ మీద మందు పేరు పక్కన సీఆర్, ఈఆర్, ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఎక్స్ఎల్, పీఆర్ లాంటి అక్షరాలు ఉన్నాయేమో చూడండి. కింద చిన్న అక్షరాల్లో ఎక్స్‌టెండెడ్ రిలీజ్ అనో, ప్రొలాంగ్డ్ రిలీజ్ అనో, సస్టెయిన్డ్ రిలీజ్ అనో ఇంగ్లీషులో రాసి ఉంటుంది. అన్నిటికీ అర్థం ఒకటే: మందు ఒకేసారి కాకుండా కొన్ని గంటల పాటు బయటికి వస్తుంది.

జోల్పిడెమ్‌కు ఇంకో తేలిక గుర్తు ఉంది. మింగే మామూలు మాత్రలు 5, 10 మిల్లీగ్రాముల్లో వస్తాయి. నిదానంగా విడుదలయ్యేవి 6.25, 12.5 మిల్లీగ్రాముల్లో వస్తాయి. చీటీ మీద చుక్క పెట్టిన అంకె కనపడితే అది సీఆరే అనుకుని అడగండి.

ఒక చిక్కు మా వల్లే వస్తుంది. నాలుగు మాత్రలు చాలంటే స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి ఇస్తాం. పేరు, సీఆర్ అన్న అక్షరాలు మా దగ్గరున్న ముక్క మీద మిగిలిపోతాయి, మీ చేతికి వచ్చిన ముక్క మీద వెండి రేకు తప్ప ఏమీ ఉండదు. అలాంటప్పుడు కవరు మీద పేరూ, అంకే, సీఆర్ అన్న మాటా రాసివ్వమని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

లోపల అంత ప్రత్యేకంగా ఏముంటుంది? చూడ్డానికి మామూలు మాత్రలాగే ఉంది కదా.

జోల్పిడెమ్ సీఆర్ మాత్రను అడ్డంగా చూస్తే రెండు పొరలుంటాయి. మొదటి పొర కడుపులోకి వెళ్లగానే కరిగి మనిషిని నిద్రలోకి దింపుతుంది. రెండో పొర పని వేరు. అది నీళ్లు తగలగానే ఉబ్బి, జిగురులా మారుతుంది. సబ్జా గింజల్ని నీళ్లలో వేస్తే చుట్టూ ఎలా జిగురు పట్టుకుంటుందో గుర్తు తెచ్చుకోండి. ఆ జిగురులోంచి మందు కొద్దికొద్దిగా బయటికి రావాల్సిందే, వేరే దారి లేదు. మామూలు మాత్ర మూడు గంటల తర్వాత బలం తగ్గిపోయే వేళకు, ఈ రెండో పొర నుంచి వచ్చే మందు నిద్రను పట్టుకుని ఉంచుతుంది. పడుకోగానే నిద్ర పడుతుంది గానీ రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేస్తోంది అనేవాళ్లకు డాక్టర్లు ఈ రకం రాయడానికి కారణం ఇదే.

అంటే ఇక్కడ మందుతో పాటు మాత్ర కట్టుబడి కూడా చికిత్సలో భాగమే. పొడి చేసినప్పుడు మందు ఎక్కడికీ పోదు, ఆ కట్టుబడి పోతుంది.

పొడి చేస్తే మందు త్వరగా బయటికి రావడానికి కారణం ఏమిటి?

నీళ్లు తగిలే పైభాగం పెరగడమే. ఎనిమిది మిల్లీమీటర్ల చదరపు దిమ్మె ఒకటి ఊహించుకోండి. దానికి ఆరు ముఖాలు, మొత్తం పైభాగం 384 చదరపు మిల్లీమీటర్లు. దాన్నే ఒక్కో మిల్లీమీటరు ముక్కలుగా కోస్తే 512 ముక్కలవుతాయి, వాటి పైభాగం అంతా కలిపితే 3,072. బరువు మారలేదు, నీళ్లు తగిలే చోటు ఎనిమిది రెట్లయింది. రోట్లో మెత్తగా నూరితే ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది. పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటే ఎంతసేపు ఉంటుందో, అదే పొడి చేసి నాలుక మీద వేసుకుంటే ఎంతసేపు ఉంటుందో మనందరికీ తెలుసు.

దీనికి తోడు ఆ జిగురు గోడ లేవడానికి పొర ఒక్క ముద్దగా ఉండాలి. రవ్వంత రేణువు చుట్టూ పట్టే జిగురు పలచగా ఉంటుంది, మందు దాన్ని దాటడానికి ఎంతోసేపు పట్టదు.

ఒకేసారి వస్తే వచ్చింది, మొత్తం మందు అంతే కదా?

అంతే. కాకపోతే ఆ మొత్తం "ఒకేసారి ఇవ్వడానికి" లెక్క వేసింది కాదు. జోల్పిడెమ్ మామూలు మాత్రగా పెద్దవాళ్లకు రాత్రికి 10 మిల్లీగ్రాములు దాటకూడదు. ముసలివాళ్లకు 5. సీఆర్ రకంలో ఆ అంకెలు 12.5, 6.25. కొన్ని గంటల మీద పంచుతారు కాబట్టే ఆ కాస్త ఎక్కువకు చోటు దొరికింది. ఇప్పుడు 12.5 మాత్రను నూరారనుకోండి, అది 12.5 మిల్లీగ్రాముల మామూలు మాత్ర అయిపోయింది. అలాంటి మామూలు మాత్ర ఏ డాక్టరూ రాయడు.

డెబ్బై ఏళ్ల మనిషికి ఇంట్లో ఇంకొకరి కోసం తెచ్చిన 12.5 మాత్రను నూరి ఇచ్చారంటే, ఆ వయసుకు తగిన మామూలు మోతాదుకు రెండున్నర రెట్లు ఒక్క గుక్కలో వెళ్లినట్టు. ఇది ఊహించి చెప్పడం లేదు. "మా నాన్నగారి మాత్రే కదా, అమ్మకూ వేశాం" అన్న మాట వినని మందుల షాపువాళ్లు ఉండరు.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక రాత్రి 6.25 మాత్రను పొడి చేసి వేసుకున్నంత మాత్రాన ప్రాణం మీదికి రాదు. అసలు నష్టం వేరే దారిలో వస్తుంది. అది కింద ఉదాహరణలో కనపడుతుంది.

ఒక రాత్రి లెక్క చెప్పండి. నిజంగా ఏం జరుగుతుంది?

ఒక కోడలుగారు షాపుకు వచ్చి అడిగారు. "అన్నా, మా అత్తయ్యకు ఈ 6.25 పనిచేయట్లేదు, పవర్ ఎక్కువది ఇస్తారా? 12.5 ఉంటుందటగా." అత్తగారికి 71 ఏళ్లు. చీటీ లేకుండా ఇవ్వనని చెప్పి, "ఎలా వేస్తున్నారమ్మా?" అని అడిగాను. ఈ ఒక్క ప్రశ్న ముందు అడిగితే సగం సమస్యలు అక్కడే దొరికిపోతాయి.

మొదటి వారం బాగానే నిద్రపోయారట. ఒకరోజు మాత్ర గొంతులో అడ్డం పడి దగ్గు వచ్చింది. ఆ మర్నాటి నుంచి కోడలు రెండు చెంచాల మధ్య మాత్ర పెట్టి నొక్కి, పొడిని తేనెలో రంగరించి ఇస్తోంది. రాత్రి తొమ్మిదిన్నరకు ఇస్తే పదింటికల్లా మాట ముద్దగా వస్తోందట. పదకొండున్నరకు బాత్రూమ్‌కు లేచి తూలి, తలుపు చెక్కకు భుజం కొట్టుకుంది. చేయి మీద నీలంగా కమిలిన మచ్చ ఫొటో కూడా చూపించారు. మూడింటికి మళ్లీ కళ్లు తెరుచుకుని కూర్చుంటోంది. ఆవిడ గొడవ పడలేక కోడలు ఇంకో మాత్రలో సగం నలిపి ఇస్తోంది. పొద్దున్న పదకొండు దాకా మబ్బుగానే ఉంటోంది.

ఇప్పుడు గంటల వారీగా చూద్దాం. జోల్పిడెమ్ సగం దిగిపోవడానికి సుమారు రెండున్నర గంటలు పడుతుంది, వయసు మీద పడినవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. తొమ్మిదిన్నరకు వేసిన పొడి అంతా దాదాపు పదిన్నర, పదకొండు మధ్య రక్తంలో పతాక స్థాయికి చేరుతుంది. ఆవిడ బాత్రూమ్‌కు లేచింది సరిగ్గా ఆ తర్వాతే. అర్ధరాత్రి ఒకటిన్నరకు ఆ స్థాయి సగానికి వస్తుంది. నాలుగింటికి పావు వంతు. మధ్యలో మూడింటికి మెలకువ రావడంలో వింతేముంది? ఆ వేళకు పని చేయాల్సిన రెండో పొర మందు పదిన్నరకే ఖర్చయిపోయింది.

అంటే ఒకే పొరపాటు వల్ల రెండు నష్టాలు. రాత్రి మొదటి సగంలో అవసరానికి మించి మత్తు, రెండో సగంలో మందే లేదు. ఇంట్లోవాళ్లకు రెండోది మాత్రమే కనపడుతుంది. "మాత్ర సరిపోవట్లేదు" అనుకుంటారు. అక్కడి నుంచి ఇంకో సగం మాత్ర, లేదా ఎక్కువ పవర్. అసలు ప్రమాదం ఆ రెండో అడుగులో ఉంది.

ఆ మూడింటి సగం మాత్ర అంత తప్పా? సగమే కదా.

తప్పే, చిన్నది కూడా కాదు. 6.25లో సగమంటే మూడు మిల్లీగ్రాములకు పైనే. నడిరాత్రి మెలకువ వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే జోల్పిడెమ్ మాత్ర ఒకటి అమెరికాలో 2011లో అనుమతి పొందింది. అందులో ఆడవాళ్లకు, ముసలివాళ్లకు ఇచ్చే మోతాదు 1.75 మిల్లీగ్రాములు మాత్రమే. అదీ ఇంకా కనీసం నాలుగు గంటలు మంచం మీద ఉండగలిగితేనే వేసుకోవాలి. ఈ అత్తగారికి మూడింటికి వెళ్లింది దానికి దాదాపు రెట్టింపు, అంతకుముందు వేసింది పూర్తిగా దిగకముందే. పదకొండింటి దాకా మబ్బు దిగకపోవడానికి ఇంకో కారణం వెతకనక్కర్లేదు.

తర్వాత ఆవిడకు ఏం చేశారు?

నేనేమీ మార్చలేదు, డాక్టరు గారికి ఫోన్ చేయించాను. మింగడం కష్టమైందన్న సంగతి ఆయనకు అసలు తెలియదు. అప్పటికే ఆవిడ మాటిమాటికీ మూత్రం వస్తోందని ఒక మాత్ర వాడుతున్నారు, ఆ రకం మందులకు నోరు ఎండిపోవడం మామూలు. ఎండిన నోట్లో ఏ మాత్రైనా అతుక్కుంటుంది. మాత్ర వేసే ముందు రెండు గుక్కల నీళ్లు తాగించమన్నారు. సీఆర్ ఆపేసి, మామూలు మాత్ర తక్కువ మోతాదులో కొద్ది రోజులకే రాశారు. పగటి కునుకు ఆపించారు. 12.5 అవసరం రాలేదు.

సగానికి విరిచినా ఇదే జరుగుతుందా? 12.5లో సగం 6.25 అవుతుంది కదా, డబ్బు కలిసొస్తుంది.

అంకెల్లో అవుతుంది, పనిలో కాదు. 6.25 మాత్రకు కూడా రెండు పొరలు, చుట్టూ పూత అన్నీ ఆ కొలతకు తగ్గట్టు చేసి ఉంటాయి. 12.5ను కత్తితో కోస్తే కోసిన చోట రెండో పొర లోపలి భాగం బయటపడుతుంది. నీళ్లు పక్క నుంచి దూరిపోతాయి. పొడి చేసినంత వేగంగా కాకపోయినా, ఉండాల్సిన దానికంటే త్వరగా మందు వచ్చేస్తుంది. పైగా వంటింటి కత్తితో కోస్తే రెండు ముక్కలూ సమానంగా రావు. ఒక రాత్రి ఎక్కువ, మర్నాడు తక్కువ.

నడుమ గీత ఉన్న మాత్రలు వేరు. కొన్ని బీపీ మాత్రలు నిదానంగా విడుదలయ్యే రకమే అయినా, వాటిని గీత దగ్గర విరవడానికి వీలుగా తయారు చేస్తారు, నమలడం, నూరడం మాత్రం వాటికీ పనికిరాదు. పక్కింటివాళ్లు "మేం ఎక్స్ఎల్ మాత్ర విరుస్తాం, ఏమీ కాలేదు" అంటే వాళ్ల మాట నిజమే అయ్యుండొచ్చు. అది ఆ మాత్ర సంగతి. ఒక కంపెనీ మాత్రకు చెల్లింది అదే అక్షరాలున్న ఇంకో మాత్రకు చెల్లదు.

నమిలితే? మా నాన్నకు ఏ మాత్రైనా నమిలే అలవాటు.

నోట్లో నూరడం అన్నమాట. ఫలితం పొడికి దగ్గరగానే ఉంటుంది, చేదు అదనం. ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోండి. మన దగ్గర కొన్ని మాత్రల పేరు చివర ఎండీ అని ఉంటుంది, అవి నోట్లో కరిగిపోయేవి. ఆందోళనకు, నిద్రకు వాడే క్లోనాజెపామ్‌లో ఈ రకం బాగా వాడుకలో ఉంది. ఏళ్లుగా అది వాడినవాళ్లకు డాక్టరు సీఆర్ మాత్రకు మార్చినా నోరు పాత అలవాటునే వదలదు. ఎండీ అంటే నోట్లో కరగాలి, సీఆర్ అంటే నోట్లో విరగకూడదు. కవరు మీద తెలుగులో "నమలొద్దు, చిన్న ముక్క కూడా చేయొద్దు" అని పెద్దగా రాసి పెట్టండి.

పొడి చేస్తే త్వరగా దిగిపోతుంది కదా. అయితే పొద్దున్నే మత్తు ఉండదు, మంచిదేగా?

ఇది తెలివైన ప్రశ్న, డ్యూటీకి పొద్దున్నే వెళ్లేవాళ్లు అడుగుతారు. సీఆర్ మాత్ర మింగితే మర్నాడు కొంత మందు మిగలడం నిజమే. 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇదే విషయం మీద హెచ్చరిక ఇచ్చింది. 12.5 సీఆర్ వేసుకున్న ఎనిమిది గంటలకు పరీక్షిస్తే, డ్రైవింగ్ దెబ్బతినేంత మందు ఆడవాళ్లలో సుమారు 33 శాతం మందిలో, మగవాళ్లలో 25 శాతం మందిలో ఇంకా ఉంది. ఆడవాళ్ల శరీరం ఈ మందును నెమ్మదిగా వదులుతుంది కాబట్టి వాళ్ల మోతాదును 12.5 నుంచి 6.25కు, మామూలు మాత్రలో 10 నుంచి 5కు తగ్గించమన్నారు. సీఆర్ వేసుకున్న మర్నాడు బండి నడపొద్దని కూడా చెప్పారు.

అయితే దానికి విరుగుడు పొడి చేయడం కాదు. పొడి చేసినా మొత్తం అంతే లోపలికి వెళ్తుంది, కాలేయం అదే వేగంతో దాన్ని తొలగిస్తుంది. పొద్దున్న కాస్త తగ్గొచ్చు, ఆ బదులుగా రాత్రి పదకొండింటికి ఎక్కువ పుచ్చుకున్నారు. త్వరగా దిగే మందే కావాలంటే డాక్టరును అడిగితే మామూలు మాత్ర, దానికి తగిన తక్కువ మోతాదులో రాస్తారు. ఇంట్లో రోకలి పట్టుకుని మందు రకం మార్చడం ఎందుకు?

ఎవరికి ఎక్కువ ప్రమాదం?

వయసు పైబడినవాళ్లకు ముందుగా. వాళ్లకు రాత్రి లేవాల్సిన అవసరాలు ఎక్కువ, ఎముకలు బలహీనం. తుంటి విరిగితే సంగతి నిద్రమాత్రతో పోదు. కాలేయ జబ్బు ఉన్నవాళ్ల సంగతి ఇంకా వేరు. కాలేయం గట్టిపడిన రోగుల్లో ఈ మందు సగం దిగడానికి పది గంటల దాకా పట్టినట్టు తేలింది, మామూలు వాళ్లలో అది రెండు మూడు గంటలే. అలాంటి మనిషిలో ఒకేసారి మొత్తం మందు వదిలితే మర్నాటి మధ్యాహ్నం దాకా వదలదు.

గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగే జబ్బున్నవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు వాడేవాళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి. ఇక మద్యం. "ఒక్క పెగ్గే కదా" అనేవాళ్లతో నేను వాదించడం మానేశాను. మద్యమూ ఈ మందూ రెండూ మెదడును, శ్వాసను ఒకే దిశలో నొక్కుతాయి. మందు ఒక్కసారిగా విడుదలయ్యే రాత్రి ఆ రెండిటి పతాక స్థాయిలూ ఒకే గంటలో కలుస్తాయి.

నిద్రలో నడవడం, లేచి వంట చేయడం లాంటివి నిజమేనా?

నిజమే. జోల్పిడెమ్ వేసుకున్న కొందరు పూర్తిగా మేలుకోకుండానే లేచి తిరగడం, వంట చేయడం, కారు నడపడం జరిగింది, పొద్దున్నకు ఏమీ గుర్తుండదు. 2019లో ఎఫ్‌డీఏ ఈ మందుకు తన అత్యంత గట్టి హెచ్చరిక పెట్టించింది. తక్కువ మోతాదులోనూ, మొదటిసారి వేసుకున్నప్పుడు కూడా జరగొచ్చు కాబట్టి పొడి చేయకపోతే రాదని చెప్పలేం. కానీ మోతాదు ఎక్కువైనప్పుడు, మద్యం తోడైనప్పుడు, మందు వేసుకుని పడుకోకుండా తిరుగుతున్నప్పుడు ముప్పు పెరుగుతుంది. పొద్దున్న గ్యాస్ స్టవ్ మీద మాడిన గిన్నె కనపడి, ఎవరు పెట్టారో ఎవరికీ తెలియకపోతే నవ్వుకుని వదిలేయకండి. అలాంటిది ఒక్కసారి జరిగినా ఆ మందు ఆపి డాక్టరుకు చెప్పాలి.

మా తాతయ్య మాత్ర వద్దంటారు. పాలలో కలిపి ఇస్తున్నాం, తెలియకుండా.

మతిమరుపు ఉన్న పెద్దవాళ్ల ఇళ్లలో ఇది జరుగుతుందని తెలుసు, మీ కష్టమూ తెలుసు. కానీ పాలలో ఎంత మందు వెళ్లిందో మీకే తెలియదు. పొడి గ్లాసు అడుగున పేరుకుంటుంది, ఆ చివరి గుక్క చేదుగా ఉందని వదిలేస్తే ఒక రోజు సగమే, ఇంకో రోజు బాగా కలిపితే మొత్తం. దానికి తోడు భోజనం పైన వేస్తే ఈ మందు ఆలస్యంగా ఎక్కుతుంది. సీఆర్ మాత్ర పతాక స్థాయి ఖాళీ కడుపున సుమారు రెండు గంటలకు వస్తే, భోజనంతో నాలుగు గంటల దాకా సాగినట్టు కొలతల్లో తేలింది. "గంటైనా నిద్ర పట్టలేదు, ఇంకోటి కలుపుదాం" అనిపించేది అప్పుడే. అలా చేయకండి. డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మతిమరుపులో ఈ మందే సరైనదా అన్నది ఆయన తేల్చాల్సిన విషయం.

ముక్కు గొట్టం ఉన్న రోగికి ఎలా ఇవ్వాలి?

సీఆర్ మాత్రను ఇవ్వకూడదు. మందు సంగతి అలా ఉంచండి, ఆ జిగురు పొర సన్నటి గొట్టంలో ఉబ్బి అడ్డం పడుతుంది. గొట్టం మార్చడం రోగికి ఎంత బాధో చూసినవాళ్లకు తెలుసు. వేరే రకం మందు రాయించుకోవాలి.

మింగలేకపోతే మరి ఏం చేయాలి?

ముందు కారణం చూడాలి. ఈమధ్యే మొదలైతే, నీళ్లు కూడా పొలమారుతుంటే, మాట తేడా వచ్చి ఉంటే అది మాత్ర సమస్య కాదు. పక్షవాతం, పార్కిన్సన్స్ లాంటివి ఉన్నాయేమో చూపించుకోవాలి.

అలాంటిదేమీ లేకుండా కేవలం భయమైతే, నిటారుగా కూర్చోబెట్టి ముందు రెండు గుక్కల నీళ్లు తాగించండి. మాత్రను నాలుక మధ్యలో పెట్టి, మంచినీళ్ల గుక్కతో మింగమనండి. చాలామంది తల వెనక్కి వాల్చి మింగుతారు, అది మంచిది కాదు, గొంతు దారి ఇంకా ఇరుకవుతుంది. పడుకుని మింగడమూ అంతే. అప్పటికీ కాకపోతే మందు రకమే మార్పించుకోండి. మామూలు జోల్పిడెమ్ మాత్ర చిన్నగా ఉంటుంది.

పొరపాటున పొడి చేసి ఇచ్చేశాం. ఇప్పుడేం చేయాలి?

వాంతి చేయించొద్దు. మనిషిని వెంటనే పడుకోబెట్టండి, మంచం దగ్గరే ఉండండి, బాత్రూమ్‌కు ఒంటరిగా పంపకండి. ఆ రాత్రి మూడింటికి లేచినా ఇంకో మాత్ర ఇవ్వొద్దు. మర్నాడు బండి, యంత్రాలు, మేడ మెట్లు జాగ్రత్త. ఏం ఇచ్చారో, ఎంతో, ఎప్పుడో ఫోన్‌లో డాక్టరుకు చెప్పండి. ఇచ్చింది 12.5 అయినా, మనిషి వయసు పైబడినా, వేరే మత్తు మందులు వాడుతున్నా తెల్లారేదాకా ఆగకుండా అడగండి.

పిలిచినా, భుజం గట్టిగా తట్టినా కళ్లు తెరవకపోతే, ఊపిరి చాలా నెమ్మదిగా లేదా గురగురమంటూ ఉంటే, పెదాలు నీలం తిరిగితే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. కత్తిరించిన ముక్క అయినా సరే.

నిద్రమాత్ర మానేయాలనుకుంటున్నా. సీఆర్‌ను కొంచెం కొంచెం తగ్గిస్తూ ముక్కలు చేసుకోవచ్చా?

ఉద్దేశం మంచిదే, పద్ధతి కుదరదు. ముక్క చేసిన ప్రతిసారీ రాత్రికో తీరుగా మందు వస్తుంది కాబట్టి ఏది మందు తగ్గడం వల్ల, ఏది విడుదల మారడం వల్ల అన్నది మీకే తెలియదు. రోజూ చాలాకాలం వాడినవాళ్లు ఉన్నట్టుండి ఆపితే నిద్ర ఇంకా చెడిపోవచ్చు, చిరాకు, వణుకు రావొచ్చు. డాక్టరు సాధారణంగా ముందు మామూలు మాత్రకు మార్చి, అక్కడి నుంచి మెట్లు మెట్లుగా తగ్గిస్తారు.

వేరే నిద్రమాత్రలకూ ఇదే వర్తిస్తుందా?

ఆల్ప్రజోలామ్ ఎస్ఆర్ విషయంలో ఇంకా గట్టిగా. అది ఎక్కువ గంటల మీద పంచడానికి చేసిన మోతాదు, నమిలితే అదంతా ముందు గంటల్లోనే దిగుతుంది. మెలటోనిన్‌లో నిదానంగా విడుదలయ్యే రకం నూరితే ప్రమాదం తక్కువే, కానీ మెలటోనిన్ శరీరంలో చాలా త్వరగా కరిగిపోతుంది కాబట్టి తెల్లవారుజాము దాకా పనిచేయాల్సింది నడిరాత్రికే అయిపోతుంది. దండగ.

చీటీ లేకుండా ఎందుకు ఇవ్వరు? నూరితే నూరాం, అది మా ఇష్టం కదా.

జోల్పిడెమ్ మన దేశంలో షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ ఉంటేనే అమ్మాలి, అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, మందు, ఎన్ని మాత్రలు అన్నది వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. స్ట్రిప్ మీద ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక కనపడేది అందుకే. 12.5 కావాలని వచ్చిన కోడలుగారికి ఆ రోజు ఇచ్చేసి ఉంటే నా రిజిస్టర్‌లో ఒక వరుస నిండేది, ఆ రాత్రి వాళ్లింట్లో రెండు చెంచాల మధ్య నలిగేది 12.5 అయ్యేది.